టైలర్ షాపు వివరాలు ఎలా రాయాలి: కుట్టకుండానే తిరిగెళ్ళిన పట్టుచీర

తెనాలి బోసు రోడ్డు వెనక సందులో మా వదిన లేడీస్ టైలర్. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టి చాలా రోజులైంది. అందులో ఆమె రాసుకున్నది మూడే ముక్కలు:

"అన్ని రకాల జాకెట్లు కుట్టబడును. 180 రూపాయల నుంచి. అర్జెంటుగా కూడా కుట్టి ఇవ్వబడును."

ఒక మంగళవారం మధ్యాహ్నం ఇది చూసి దుగ్గిరాల అవతల పల్లె నుంచి ఒకావిడ రెండు బస్సులు మారి వచ్చింది. గురువారం ఉదయం తమ్ముడి పెళ్ళి. చేతిలో ఆకుపచ్చ పట్టుచీర, చీరకే ఉన్న జాకెట్టు ముక్క. కొలతకి ఆది జాకెట్టు తేలేదు. చేతుల మీద మగ్గం పని కావాలంది. బుధవారం సాయంత్రానికి ఇచ్చేయమంది. పర్సులో మూడు వందలు విడిగా తీసి పట్టుకుంది.

వదిన చెప్పాల్సినవన్నీ అప్పుడు చెప్పింది. మగ్గం పని మా దగ్గర లేదు, పట్టుకి లైనింగ్ వెయ్యాలి, దానికి రేటు వేరు, ఆది లేకుండా రేపటికి కుదరదు. ఆవిడ అరవలేదు. చీర మడత పెట్టుకుంటూ, "ఈ మాటేదో అందులోనే రాసి ఉంటే నేను అటు మంగళగిరి పోయేదాన్ని కదండీ. పూట పోయింది," అంది. వదిన దగ్గర దానికి జవాబు లేదు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి మిషన్ మూసేసి ఫోను ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ వారం ఇద్దరం కలిసి ఆ మూడు ముక్కల్నీ తిరగరాశాం. మీదీ కుట్టు షాపే అయితే, లేదా మీ ఇంట్లో ఎవరైనా కుడుతుంటే, మేం చేసిన వరసలోనే చేయండి. రేట్లు, రోజులు మావి. మీ ఊళ్ళో వేరుగా ఉంటాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

మొదట రాయకండి, వినండి

వారం రోజులు ఆర్డర్ల పుస్తకం వెనక పేజీలో, ఫోన్లో గానీ గుమ్మంలో గానీ ఎవరు ఏం అడిగినా అదే మాటల్లో రాసిపెట్టండి. "లైనింగ్ మీరే వేస్తారా?", "ఫాల్ కూడా వేస్తారా?", "ఆది లేకపోతే కొలతలు తీసుకుంటారా?", "శుక్రవారానికి అవుతుందా?" అని వస్తాయి. బేరం కుదరక వెళ్ళిపోయిన ప్రతివాళ్ళ దగ్గరా చిన్న చుక్క పెట్టండి.

మా వదిన పుస్తకంలో ఆ వారం ఆరు చుక్కలు పడ్డాయి. ఆరింటిలో ఒక్కదానికీ కుట్టు బాగాలేదన్నది కారణం కాదు. రెండు మగ్గం పని కోసం, ఒకటి పిల్ల గౌను కోసం, మూడు రోజుల దగ్గరా డబ్బుల దగ్గరా తేడా వచ్చి పోయినవి. అన్నీ ఆ మూడు ముక్కల్లోనే ఉన్నాయి. "అన్ని రకాలు" అంటే వదిన లెక్కలో ప్లెయిన్, లైనింగ్, ప్రిన్సెస్ కట్. చదివేవాళ్ళ లెక్కలో మగ్గం కూడా. "180 నుంచి" అంటే వదినకి లైనింగ్ లేని నూలు జాకెట్టు. పట్టుచీర పట్టుకొచ్చేవాళ్ళకి మహా అయితే మూడొందలు. "అర్జెంట్" అంటే వదినకి మామూలు కంటే రెండు రోజులు ముందు. ఆవిడకి రేపు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఒకే మాటని ఇద్దరు రెండు రకాలుగా చదువుకున్నారు. మీ షాపు వివరాల్లో ఇలా రెండు అర్థాలొచ్చే మాటలేవో ముందు గీత గీసి పెట్టుకోండి. తిరగరాయాల్సింది వాటినే.

కుట్టేదాంతో పాటు కుట్టనిదీ రాయండి

ఇది రాయడానికి వదిన ఒప్పుకోలేదు. "లేవు, లేవు అని రాస్తే వచ్చేవాళ్ళు కూడా రారు" అంది. కానీ లేనిది కావాలని వచ్చినవాళ్ళు ఎలాగూ కుట్టించుకోరు. పది నిమిషాలు మాట్లాడి, పూట పోగొట్టుకుని పోతారు. ఆ పది నిమిషాలూ మీరు కత్తెర పక్కన పెట్టాలి. అందుకని మగ్గం పని, డ్రెస్సులు, మగవాళ్ళ బట్టలు లేవని ఒక్క వాక్యంలో పెట్టాం.

ఇక్కడే రెండు మాటలు. షాపు పేరు గడిలో బోర్డు మీద ఉన్న పేరే ఉంచండి. పేరు పక్కన "బెస్ట్ లేడీస్ టైలర్ తెనాలి" అని తగిలించడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం, దానివల్ల మీ షాపు మ్యాప్స్‌లో కనపడకుండా ఆగిపోవచ్చు కూడా. వివరణలో మాత్రం జాకెట్టు, బ్లౌజు అని రెండు మాటలూ రాయండి. మా వైపు పెద్దవాళ్ళు జాకెట్టు అంటారు, వాళ్ళ కూతుళ్ళు బ్లౌజు అని వెతుకుతారు.

రేటులో ఏమేం కలిసున్నాయో విప్పి చెప్పండి

అన్నిటికంటే ఎక్కువ సేపు కూర్చోవాల్సింది ఇక్కడ. "నుంచి" అని రాసిన రేటు చూసినవాళ్ళకి తక్కువ అంకె ఒక్కటే గుర్తుంటుంది. కాబట్టి ఆ రోజు ఆవిడ తెచ్చిన చీరనే తీసుకుని, మగ్గం సంగతి పక్కన పెట్టి, నిజంగా ఎంతయ్యేదో కాగితం మీద వేశాం.

లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి 400. ఇందులో దారం, హుక్కులు, లోపల ఓవర్‌లాక్, చేత్తో చేసే హెమ్మింగ్ కలిసే ఉంటాయి. లైనింగ్ గుడ్డ ఒక మీటరు 90. మెడకి, చేతులకి పైపింగ్ 60. చీరకి ఫాల్, పీకో కలిపి, ఫాల్ గుడ్డతో సహా 120. మొత్తం 670. మేం రాసింది 180. ఆవిడ పర్సులోంచి మూడొందలు తీసి పట్టుకుందంటే తప్పు ఆవిడది కాదు.

మీరూ ఇలాగే చేయండి. మీ దగ్గర ఎక్కువగా కుట్టించే జాకెట్టు ఒకటి ఎంచుకోండి. చీరతో సహా చేతికిచ్చేటప్పుడు మీరు తీసుకునే మొత్తం వేయండి. దాన్ని ముక్కలు చేసి, ఏది కూలిలో కలిసి ఉందో, ఏది విడిగానో రాయండి. హుక్కులు, దారం లాంటి చిన్నవి విడిగా లెక్కేసే అలవాటుంటే మానుకోండి. చివర్లో పది రూపాయలు అదనంగా అడిగినప్పుడు పోయే నమ్మకం ఆ పది కంటే పెద్దది. లైనింగ్ గుడ్డ మాత్రం విడిగానే ఉంచండి, ఎందుకంటే కొందరు ఇంటి నుంచి తెచ్చుకుంటారు.

ఈ అంకెలు వివరణలో రాయకండి. వివరణలో ధరలు, ఆఫర్లు పెట్టవద్దని గూగుల్ చెబుతుంది. వాటికి వేరే చోటుంది. మీ ప్రొఫైల్లో `Edit services` లోకి వెళ్తే ఒక్కో పనినీ విడిగా చేర్చి, దాని కింద ధర, చిన్న వివరణ రాయొచ్చు. ధర దగ్గర `Fixed` అని, `From` అని ఉంటాయి. మేం ఇలా పెట్టాం:

లైనింగ్ జాకెట్టు, `Fixed`, 400. "దారం, హుక్కులు, ఓవర్‌లాక్, హెమ్మింగ్ ఇందులోనే. లైనింగ్ గుడ్డ, పైపింగ్ విడిగా. లైనింగ్ మీరు తెస్తే ఒక మీటరు నూలు గుడ్డ, ముందుగా తడిపి ఆరబెట్టి తేవాలి."

`From` ని ఒక్క ప్రిన్సెస్ కట్‌కే వాడాం, ఎందుకంటే అందులో కప్పులు వేయడం, వేయకపోవడం బట్టి కూలి నిజంగానే మారుతుంది. ఎందువల్ల మారుతుందో పక్కనే రాశాం. కారణం చెప్పలేని చోట `From` వాడకండి.

తడపడం గురించి ఎందుకు రాశామంటే, నూలు లైనింగ్ మొదటిసారి నీళ్ళు తగిలినప్పుడు కుంచించుకుంటుంది, పైనున్న పట్టు అంతగా కుంచించుకోదు. తడపకుండా కుట్టిన జాకెట్టు కొత్తలో అద్దంలా ఉంటుంది. ఒక్కసారి ఉతికాక లోపలి గుడ్డ లాగేసి, పైగుడ్డ చంక దగ్గరా నడుం పట్టీ దగ్గరా ముడతలు పడుతుంది. అప్పుడు అందరూ కుట్టునే అంటారు.

రోజులు లెక్క కట్టి రాయండి, ఊహించి కాదు

వదినని "ఎన్ని రోజుల్లో ఇస్తావు?" అని అడిగితే "రెండు, మూడు" అంది. ఆర్డర్ల పుస్తకం తిరగేస్తే గత నెలలో ఎక్కువ భాగం ఐదో రోజుకి వెళ్ళాయి. మీరు కూడా మీ జ్ఞాపకాన్ని అడగకండి, పుస్తకాన్ని అడగండి. ఇచ్చిన తేదీ, తీసుకెళ్ళిన తేదీ పక్కపక్కన రాసి ఉంటే చాలు.

లెక్క ఇది. వదిన రోజుకి మూడు లైనింగ్ జాకెట్లు కుట్టగలదు. మామూలు రోజుల్లో ముందున్నవి పన్నెండు దాకా ఉంటాయి. అంటే నాలుగు రోజులు. హెమ్మింగ్, హుక్కులు సాయంత్రాలు ఒకమ్మాయి చేత్తో చేస్తుంది, దానికీ కరెంటు పోయే పూటలకీ కలిపి ఇంకో రోజు. ఐదు. "రెండు మూడు రోజులు" అని చెప్పి ఐదో రోజు ఇస్తే మనిషిని రెండుసార్లు తిప్పినట్టు. ఐదని రాసి నాలుగో రోజు ఫోన్ చేస్తే ఆవిడే సంతోషంగా వస్తుంది.

ఎప్పటి నుంచి ఐదు రోజులన్నది కూడా రాయాలి. చీర ఇచ్చి, "ఆది రేపు పంపిస్తా" అని వెళ్ళినవాళ్ళ లెక్క చీర ఇచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. మీ లెక్క ఆది వచ్చాక మొదలవుతుంది. "గుడ్డ, ఆది రెండూ చేతికొచ్చిన రోజు నుంచి" అని పెట్టండి.

ఇక అర్జెంట్. ఆ మాట తీసేద్దామా అనుకున్నాం. పెళ్ళిళ్ళ ఊళ్ళో అది తీసేస్తే పని తగ్గుతుంది. ఉంచాలంటే మాత్రం నాలుగు విషయాలు తేల్చాలి: ఎప్పటిలోగా ఇవ్వాలి, ఎప్పుడు చేతికొస్తుంది, ఎంత అదనం, రోజుకి ఎన్ని. ఉదయం 11 లోపు ఇస్తే మర్నాడు సాయంత్రం. 150 అదనం. రోజుకి రెండే. ముందు ఫోన్ చేసి రావాలి. ఆది తప్పనిసరి, ఎందుకంటే ఒంటి కొలతలతో కుడితే మధ్యలో ఒకసారి తొడిగి చూడాలి, ఒక్క రోజులో దానికి వేళ ఉండదు. లైనింగ్ షాపులోదే తీసుకోవాలి. వదిన ఇప్పుడు పది రంగుల్లో లైనింగ్ ముందే తడిపి, ఇస్త్రీ చేసి అరలో పెట్టుకుంటోంది. రాత్రి తడిపి పొద్దున ఆరబెట్టే పూట అలా మిగులుతుంది.

వరలక్ష్మీ వ్రతం ముందు వారం అర్జెంట్ లేదు. శ్రావణంలో ఆ శుక్రవారానికి అందరికీ ఒకేసారి కావాలి, రెండు తీసుకుంటే ఇరవై మందికి కోపం. ఆ వారం వేళలు మారితే `Special hours` లో తేదీ వేసి పెట్టండి. ప్రతిరోజూ తెరిచి ఉన్నట్టు కనిపించే షాపు గుమ్మం మూసి ఉంటే, బస్సు దిగి వచ్చినవాళ్ళు రెండోసారి రారు.

వచ్చేటప్పుడు ఏం తేవాలి

ఆది జాకెట్టు అని ఊరికే రాస్తే ఇంట్లో కనిపించిన పాతది తెస్తారు. ఆరేళ్ళ కిందటిది, ఇప్పుడు పట్టనిది తెచ్చి "దీని కంటే కాస్త వదులు" అంటారు. ఎంత వదులో ఎవరికీ తెలియదు. "ఇప్పుడు మీకు సరిగ్గా పట్టేది" అని రాయండి. ఎక్కడైనా బిగువుంటే అక్కడ పిన్ను పెట్టి తెమ్మనండి. చంకలోనా, ఛాతీ దగ్గరా, చేతి చుట్టూనా అన్నది పిన్ను చెప్పినట్టు మాట చెప్పదు.

ఇంకొకటి, చాలామంది టైలర్లు రాయనిది. జాకెట్టు ముక్కని చీర నుంచి కత్తిరించకుండా తెమ్మనండి. కొన్ని చీరలకి ఆ ముక్క పైట వైపు ఉంటుంది, కొన్నిటికి లోపలి కొసన ఉంటుంది. ఇంట్లో తొందరపడి కత్తిరించి అంచు సగం చీరకే వదిలేసినవాళ్ళు ఉన్నారు. చేతికి వేద్దామంటే అంచు చాలదు. ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు ఉంటుంది. పొట్టి చేతులకి సరిపోతుంది. లావుగా ఉన్నవాళ్ళు మోచేతి దాకా చెయ్యి అడిగితే చాలకపోవచ్చు. చీర పరిచి కొలిచాకే మాట ఇస్తామని అప్పుడే చెప్పొచ్చు.

పట్టకపోతే ఏం చేస్తారో ముందే చెప్పండి

కొత్త చోట కుట్టించుకునేవాళ్ళ అసలు భయం ఇదే, అయినా నోరు తెరిచి అడగరు. వదిన రెండు పక్కల కుట్ల లోపల అంగుళం చొప్పున గుడ్డ వదులుతుంది. బిగువైతే ఆ గుడ్డ విప్పి వదులు చేయొచ్చు. వదులైతే ఇంకో కుట్టు వేయొచ్చు. అందుకని "15 రోజుల్లో తెస్తే ఉచితంగా సరిచేస్తాం" అన్నది ఆమె నిలబెట్టుకోగల మాట. మెడ ఎక్కువ లోతు పోతే, చెయ్యి పొట్టి అయితే విప్పి చేసేదేమీ ఉండదు. కాబట్టి "ఏదైనా సరిచేస్తాం" అని రాయకండి. బిగువు, వదులు అని పేరు పెట్టి రాయండి. మెడ లోతు, చేతి పొడవు గుడ్డ ఇచ్చేటప్పుడే రసీదు మీద అంగుళాల్లో రాసి, ఆవిడకి చదివి వినిపించండి.

చివరికి వివరణ ఇలా వచ్చింది

వివరణకి 750 అక్షరాల హద్దు ఉంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా లెక్కకొస్తాయి కాబట్టి అనుకున్నదానికంటే త్వరగా నిండుతుంది. "మా వద్ద నాణ్యమైన", "మీ అభిరుచికి తగ్గట్టు" లాంటివి ముందు పోయాయి.

"బోసు రోడ్డు వెనక సందులో, మేడ మీద లేడీస్ టైలర్. జాకెట్లు (బ్లౌజులు) మాత్రమే కుడతాం: ప్లెయిన్, లైనింగ్, ప్రిన్సెస్ కట్. చీరకి ఫాల్, పీకో వేస్తాం. మగ్గం పని, డ్రెస్సులు, మగవాళ్ళ బట్టలు లేవు.
ఇప్పుడు మీకు సరిగ్గా పట్టే జాకెట్టు ఒకటి ఆదికి తెండి. లేకపోతే కొలతలు తీసుకుంటాం, మధ్యలో ఒకసారి తొడిగి చూడటానికి రావాలి. జాకెట్టు ముక్కని చీర నుంచి కత్తిరించకండి.
గుడ్డ, ఆది ఇచ్చాక 5వ రోజు సాయంత్రం ఇస్తాం. అర్జెంట్ అయితే ఉదయం 11 లోపు ఇవ్వాలి, మర్నాడు సాయంత్రం ఇస్తాం. రోజుకి 2 మాత్రమే, ముందు ఫోన్ చేయండి.
బిగువైనా వదులైనా 15 రోజుల్లో ఉచితంగా సరిచేస్తాం."

ఫొటోలు కూడా మార్చాం. ఇంతకుముందు ఎక్కడివో మగ్గం జాకెట్ల బొమ్మలు పెట్టింది, దుగ్గిరాల ఆవిడ చేతుల మీద పని అడగడానికి అవి కూడా కారణమే. ఇప్పుడు వదిన కుట్టినవే ఉన్నాయి: వెనక మెడ ఒకటి, పైపింగ్ దగ్గరగా ఒకటి, లోపలి వైపు తిప్పి కుట్లు కనపడేట్టు ఒకటి. గుమ్మం దగ్గర పగటి వెలుతురులో తీశాం, ట్యూబ్‌లైటు కింద తీస్తే ఆకుపచ్చ నీలంగా పడుతోంది. మెట్ల ఫొటో ఒకటి పెట్టాం, మేడ మీద షాపు కదా.

కుట్టు తెలియనివాళ్ళ చేత చదివించండి

పెట్టేముందు పక్కింటి ఇంటర్ అమ్మాయికి ఫోను ఇచ్చి చదవమన్నాం. తర్వాత ఫోను తీసేసుకుని నాలుగు ప్రశ్నలు అడిగాం. మీ అమ్మ పట్టుచీరకి జాకెట్టు కుట్టించాలంటే ఎంతవుతుంది? ఏం పట్టుకెళ్ళాలి? సోమవారం ఇస్తే ఎప్పుడొస్తుంది? సరిగ్గా పట్టకపోతే?

రెండోదాని దగ్గర ఆగింది. "ఆది అంటే ఏంటి ఆంటీ?" అంది. అప్పటికి మా రాతలో "ఆది తప్పనిసరి" అని మాత్రమే ఉంది. పై వివరణలోని "ఇప్పుడు మీకు సరిగ్గా పట్టే జాకెట్టు" అన్నది ఆ అమ్మాయి వల్ల వచ్చిన వాక్యం. మూడోదానికి "శుక్రవారం" అంది. ఇచ్చిన సోమవారాన్నే ఒకటో రోజుగా లెక్కేసింది. వదిన లెక్కలో మంగళవారం ఒకటి, అంటే శనివారం. దానికి రాతలో మార్పు చేయకుండా, వదిన తన లెక్కనే మార్చుకుని శుక్రవారం ఇవ్వడానికి ఒప్పుకుంది. చదివేవాళ్ళు ఎక్కువమంది ఎలా లెక్కేస్తారో అలా ఇవ్వడం తేలిక. మీరు చదివించినప్పుడు కూడా వాళ్ళు తప్పు చెబితే సరిదిద్దకండి, ఏ వాక్యం అలా చెప్పించిందో వెతకండి.

మార్చాక కూడా మగ్గం కోసం ఫోన్లు వస్తున్నాయి. వివరణ చదవకుండా నంబరు నొక్కేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కానీ అవి ఫోన్లోనే తేలిపోతున్నాయి, మెట్లెక్కి రావడం లేదు. అర్జెంట్ అడిగేవాళ్ళు ఇప్పుడు "పదకొండు లోపు తెస్తే రేపటి రెండింట్లో చోటుందా?" అని అడుగుతున్నారు. వదిన గోడ మీద పలక వేలాడదీసి, ఒక్కోటి ఒప్పుకున్నప్పుడల్లా సుద్దతో గీత గీస్తోంది. రెండు గీతలు పడ్డాక వచ్చే ఫోనుకి ఎల్లుండి చెబుతుంది.